‘ఈ రోంత యాడ సాలుతాది?’ : కోత పండుగకు అయిదు రొట్టెల ప్రసంగాన్ని సిద్ధం చేయడం ఎలా

పంట ఇంటికి చేరిన తరువాత మన రాయలసీమ పల్లె చర్చీలలో జరిగే కోత పండుగ ఆదివారం నాడు, అయ్యగారు మరో ఊరి ఆరాధనకు వెళ్లవలసి వచ్చి, ప్రసంగం చెప్పే బాధ్యత సంఘపెద్దకో, సండే స్కూలు ఉపాధ్యాయునికో అప్పగించడం తరచుగా జరిగేదే. అలా బాధ్యత మీ మీద పడి, యేసు ప్రభువు అయిదు రొట్టెలు రెండు చేపలతో అయిదువేలమందికి భోజనం పెట్టిన వాక్యభాగాన్ని మీరు ఎంచుకున్నట్లయితే, మంగళవారం మొదలుకొని ఆదివారం భోజనాలు ముగిసేవరకు ఏ పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను. జమ్మలమడుగు వైపు నల్లరేగడి పల్లెల్లో ఈ ప్రసంగాన్ని నేను చాలాసార్లు చెప్పాను. మొదట్లో తప్పుగా కూడా చెప్పాను. ఆ తప్పు సంగతి దాని చోట చెబుతాను.

మొదటి పని: నాలుగు సువార్తలను పక్కపక్కన పెట్టడం

ప్రభువు చేసిన అద్భుతాలలో, ఆయన పునరుత్థానాన్ని విడిచిపెడితే, నాలుగు సువార్తలలోనూ కనిపించేది ఇది ఒక్కటే. మత్తయి 14వ అధ్యాయం, మార్కు 6వ అధ్యాయం, లూకా 9వ అధ్యాయం, యోహాను 6వ అధ్యాయం తెరిచి, ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసి, ఒక్కొక్కరు మాత్రమే చెప్పిన సంగతిని ఆయా గడిలో రాయండి. అయిదువేలమంది పురుషులు కాక స్త్రీలూ పిల్లలూ ఉన్నారని చెప్పినవాడు మత్తయి. పచ్చికను ‘పచ్చని’ దిగా చూపించి, జనం నూరేసి మందిగా, ఏబదేసి మందిగా కూర్చున్నారని చెప్పినవాడు మార్కు. బేత్సయిదా అనే ఊరి పేరు ఈ సందర్భంలో చెప్పినవాడు లూకా. పస్కా పండుగ సమీపించిందనీ, ఒక చిన్నవాడు ఉన్నాడనీ, అతని దగ్గరున్నవి యవల రొట్టెలనీ, మిగిలిన ముక్కలు నష్టపడకుండా పోగుచేయమని ప్రభువే ఆజ్ఞాపించాడనీ చెప్పినవాడు యోహాను.

ఈ గడులు నింపడం వలన రెండు మేళ్లు ఉన్నాయి. చిన్నవాడి గురించి మాట్లాడదలచుకున్నవారు యోహాను 6:1–15 ను మూలవాక్యంగా తీసుకోక తప్పదని మీకే తెలుస్తుంది, ఎందుకంటే మిగతా ముగ్గురి దగ్గర ఆ పిల్లవాడే లేడు. అలాగే నాలుగువేలమందికి ఏడు రొట్టెలతో పెట్టిన మరొక సంఘటనను (మత్తయి 15, మార్కు 8) దీనితో కలిపివేసే పొరపాటు తప్పుతుంది. పన్నెండు గంపలు ఇక్కడివి, ఏడు గంపలు అక్కడివి. సంఘంలో బైబిలు బాగా చదివిన అవ్వలు ఉంటారు, ఈ లెక్క తప్పితే వారు వెంటనే పట్టుకుంటారు, ఆ తరువాత మీరు చెప్పే మంచి మాట కూడా వారి చెవికి ఎక్కదు. యోహానును మూలంగా ఉంచుకొని, మార్కు దగ్గర నుండి ఒక్క సహాయం మాత్రమే తీసుకోండి. ఆ సహాయం ఏమిటో తరువాత చెబుతాను. నాలుగు గడులలోనివన్నీ ప్రసంగంలోకి తెచ్చినవారు గంటసేపు మాట్లాడి, ఏమీ చెప్పకుండానే దిగివస్తారు.

రెండవ పని: ఒక్క మాట మీద నిలబడడం

తొమ్మిదవ వచనంలో ప్రభువు శిష్యుడైన అంద్రెయ అన్న మాట దగ్గర ఆగండి. ‘ఇంతమందికి ఇవి ఏమాత్రము’ అని అతడు అన్నాడు. మన బైబిలు భాషలో ఈ మాట గంభీరంగా ఉండి, వినేవారి గుండెకు తగలకుండా పైనుండి వెళ్లిపోతుంది. దీన్ని మన ఊరి మాటలోకి తెచ్చి చూడండి: ‘ఇంతమందికి ఈ రోంత యాడ సాలుతాది?’ ‘రోంత’ అన్న మాట కడప జిల్లాలో పుట్టి పెరిగినవారికి వివరించవలసిన అవసరం లేదు. కొంచెం అన్న మాటలో కొలత మాత్రమే ఉంది. రోంత అన్న మాటలో కొలతతోపాటు ఇచ్చేవారి బిడియం కూడా ఉంది. పక్కింటివారికి కూర గిన్నె ఇస్తూ ‘రోంతే’ అంటారు, పండుగకు గుప్పెడు శనక్కాయలు తెచ్చిన ముసలమ్మ కొంగు విప్పుతూ ‘రోంతే నాయనా’ అంటుంది.

ప్రసంగం అంతటికీ ఈ ఒక్క మాట చాలు. శుక్రవారం సాయంత్రానికి మీరు చెప్పదలచుకున్నదాన్ని ఒకే వాక్యంగా రాయగలగాలి. నేను రాసుకునే వాక్యం ఇది: ‘చాలదు అన్న అంద్రెయ లెక్క నిజమే, అయినా చాలనిదాన్ని ప్రభువు అడిగాడు గనుక దాన్ని ఆయన చేతికి ఇవ్వాలి, ఇచ్చిన తరువాత అది మనది కాదు.’ ఇందులో మూడు భాగాలు ఉన్నాయి, ప్రసంగానికి కూడా ఆ మూడే భాగాలు అవుతాయి. వాక్యం రాయలేకపోతే శనివారం ప్రసంగం రాయడం మొదలుపెట్టకండి, మళ్లీ వాక్యభాగాన్ని చదవండి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అంద్రెయను ప్రభువు గద్దించలేదు. అల్పవిశ్వాసీ అని మరో చోట ఆయన అన్నాడు, ఇక్కడ అనలేదు. ‘జనులను కూర్చుండబెట్టుడి’ అని మాత్రమే చెప్పాడు. కాబట్టి మీరు కూడా ప్రసంగపీఠం మీద నిలబడి, అప్పులలో ఉన్న రైతుతో ‘నీ దగ్గర లేదనడం అవిశ్వాసం’ అని చెప్పకూడదు. లేదన్నది నిజం కావచ్చు. వానలు తప్పిన ఏడాది విత్తనపు కాయలు కూడా తిరిగి రాని చేలు మన కళ్లముందే ఉన్నాయి. ఆ నిజాన్ని ఒప్పుకొన్న తరువాతే వాక్యం ముందుకు నడుస్తుంది.

మూడవ పని: యవల రొట్టెను మన రొట్టెగా చూపించడం

యవలు అంటే బార్లీ. పిల్లలకు జ్వరం వస్తే బార్లీ నీళ్లు తాపడం తప్ప మన పల్లెల్లో దానితో పని లేదు గనుక, ‘యవల రొట్టె’ అనగానే వినేవారి కళ్లముందు ఏమీ నిలవదు. ఆ కాలంలో యవలు పేదల తిండి, పశువులకు కూడా పెట్టే ధాన్యం. ఇది నిరూపించడానికి బయటి పుస్తకాలు అక్కరలేదు, ప్రకటన గ్రంథం 6:6 చాలు. అక్కడ ఒక దేనారానికి ఒక సేరు గోధుమలు వస్తే, అదే దేనారానికి మూడు సేర్ల యవలు వస్తాయి. కరువు ధరలోనైనా యవల విలువ గోధుమలలో మూడో వంతే.

దీన్ని మన నేలకు ఎలా తేవాలో మీకు తెలిసే ఉంటుంది. వరి అన్నం పండుగనాడు మాత్రమే కనిపించి, మిగతా దినాలన్నీ జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటితో గడిచిన కాలం మన తాతలకు జ్ఞాపకం. ఆ కాలపు జొన్నరొట్టె ఎటువంటిదో ఆ యవల రొట్టె అటువంటిది. రెండు చేపల విషయానికి వస్తే, మిగతా మువ్వురూ చేప అనే మామూలు మాట వాడితే, యోహాను గ్రీకులో వాడిన మాట వేరు. రొట్టెతో కలిపి తినేది, అంటే నంజుకునేది అన్న అర్థం నుండి వచ్చిన మాట అది. కాబట్టి పెద్ద చేపలు పట్టుకొని నిలబడిన పిల్లవాడి బొమ్మ సండే స్కూలు గోడ మీద ఉన్నా, మీరు చెప్పవలసినది జొన్నరొట్టెలోకి నంజుకునే రెండు ఎండుచేపల్లాంటి వాటి గురించి. ఇంతవరకు చెబితే సంఘంలో కూర్చున్న ప్రతి అమ్మకూ ఆ సద్దిమూట ఎంతో తెలిసిపోతుంది.

అయితే ఇక్కడే కల్పన ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. తల్లి తెల్లవారుజామున లేచి రొట్టెలు కాల్చి మూట కట్టిందనీ, పిల్లవాడు పరుగెత్తుకొచ్చి ‘ప్రభువా, ఇవి తీసుకో’ అన్నాడనీ చాలామంది చెబుతారు. వాక్యంలో తల్లి లేదు. పిల్లవాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అతని పేరు లేదు. ఆ రొట్టెలు తాను తినడానికి తెచ్చుకున్నాడో, అమ్మడానికి తెచ్చాడో కూడా లేదు. అతని దగ్గర ఉన్నాయని అంద్రెయ చెప్పాడు, తరువాత అవి యేసు చేతిలో ఉన్నాయి, అంతే. ఈ మౌనాన్ని కల్పనతో నింపకుండా, మౌనంగానే చూపించండి. ‘ఇచ్చినవాని పేరు కూడా రాయలేదు’ అని నెమ్మదిగా చెప్పి ఒక క్షణం ఆగితే, ఊహించి చెప్పిన తల్లి కథ కన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

నాలుగవ పని: ఫిలిప్పు లెక్కను కూలిలెక్కగా మార్చడం

రొట్టెలు ఎక్కడ కొనాలని ప్రభువు తన శిష్యుడైన ఫిలిప్పునే అడగడానికి ఒక కారణం ఇది కావచ్చు: యోహాను 1:44 ప్రకారం ఫిలిప్పుది బేత్సయిదా. ఆ చుట్టుపక్కల రొట్టెలు ఎక్కడ దొరుకుతాయో ఊరివాడికే తెలియాలి. ఫిలిప్పు చోటు చెప్పకుండా లెక్క చెప్పాడు: ప్రతివాడూ కొంచెము కొంచెము పుచ్చుకోవడానికైనా రెండువందల దేనారాల రొట్టెలు చాలవన్నాడు. ద్రాక్షతోట కూలీల ఉపమానంలో (మత్తయి 20:2) ఒక దినానికి కూలి ఒక దేనారం. కాబట్టి ఇది రెండువందల దినాల కూలి.

ఈ లెక్కను పీఠం మీద నుండి మీ ఊరి కూలితో చేసి చూపించండి. మీ దగ్గర రోజు కూలి 400 రూపాయలనుకుంటే, రెండువందల దినాలకు 80,000 రూపాయలు. దాన్ని అయిదువేలమందికి పంచితే తలకు 16 రూపాయలు. మత్తయి చెప్పిన స్త్రీలనూ పిల్లలనూ కలిపితే అది ఇంకా పడిపోతుంది. 16 రూపాయలతో ఆకలిగొన్న కూలివాడి కడుపు నిండుతుందా అని అడిగితే సంఘం తల అడ్డంగా ఊపుతుంది, అప్పుడు ఫిలిప్పు తప్పు చెప్పలేదని వారే ఒప్పుకున్నట్లు. కూలి ధర ముందురోజు ఎవరినైనా అడిగి సరిచూసుకోండి. ఆడవారి కూలి, మగవారి కూలి వేరుగా ఉన్న ఊళ్లలో ఏదో ఒకదాన్ని తీసుకొని, ఏది తీసుకున్నారో చెప్పండి, లేకపోతే వినేవారి మనసు ఆ తేడా దగ్గరే ఆగిపోతుంది.

లెక్క ముగియగానే పదకొండవ వచనానికి వెళ్లండి. ఫిలిప్పు నోట వచ్చిన మాట ‘కొంచెము కొంచెము’. పదకొండవ వచనంలో వడ్డించినది వారికి ‘ఇష్టమైనంత’. కొంచెము అన్న మాట నుండి ఇష్టమైనంత అన్న మాట వరకు జరిగినదే ఈ అద్భుతం. ఈ రెండు మాటలనూ ఒకదాని వెంట ఒకటి చదివి వినిపిస్తే చాలు, వ్యాఖ్యానం అవసరం పడదు.

ఐదవ పని: కృతజ్ఞత, మళ్లు, వడ్డన

ప్రసంగానికి గుండె ఇక్కడ ఉంది, దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. ప్రభువు రొట్టెలు పట్టుకొని కృతజ్ఞతాస్తుతులు చెల్లించినప్పుడు అవి ఇంకా అయిదే. యూదులు రొట్టె విరిచేముందు భూమి నుండి రొట్టెను పుట్టించే దేవునికి స్తుతి చెప్పడం వాడుక. ప్రభువు ఆ స్తుతిని రొట్టెలు ఎక్కువైన తరువాత చెప్పలేదు. గంపలు నిండాక కృతజ్ఞత చెప్పడం మనకందరికీ తెలుసు, కోత పండుగ కూడా ఒక విధంగా అదే. ఆయన రోంతను చూసి స్తుతి చెప్పాడు. ఎకరాకు పది బస్తాలు వస్తాయనుకున్న చోట మూడే వచ్చిన రైతు ఈ పండుగకు వచ్చి కూర్చున్నాడంటే, అతనికి సంబంధించిన వచనం ఇదే. ఆ రైతుకు ‘వచ్చే ఏడు పదింతలు వస్తుంది’ అని మీరు మాట ఇవ్వకండి, ఆ మాట ఇచ్చే అధికారం మీకు లేదు. మూడు బస్తాల మీద స్తుతి చెప్పవచ్చునని మాత్రం చూపించండి.

ఇక మార్కు దగ్గర తీసుకొమ్మన్న సహాయం. మార్కు 6:40లో జనం పంక్తులుగా కూర్చున్నారని మన అనువాదంలో ఉన్న చోట, గ్రీకులో ఉన్న మాటకు తోటలోని మళ్లు అని అర్థం. ఆ మాట ఉల్లి జాతి మొక్క పేరు నుండి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే జనం మళ్లుమళ్లుగా కూర్చున్నారు. కర్నూలు వైపు ఉల్లి మళ్లను చూసినవారికి ఈ దృశ్యం వెంటనే కళ్లముందుకు వస్తుంది: పచ్చని గడ్డి మీద, నడుమ నడిచే గట్లు వదిలి, మడి పక్కన మడిగా జనం. గట్లు లేకపోతే నీళ్లు పారవు, వరుసలు లేకపోతే వడ్డన సాగదు. ఆకలిగొన్న గుంపులో బలం ఉన్నవాడు ముందుకు తోసుకొస్తాడు, ముసలివారూ పిల్లలూ వెనకబడతారు. కూర్చోబెట్టడమే వారిని కాపాడడం.

మడి అన్న మాట వచ్చింది కాబట్టి ఒక మాట ధైర్యంగా చెప్పండి. మన ఊళ్లలో బంతి భోజనాలలో ఎవరు ఏ బంతిలో, ఎంత దూరంలో కూర్చోవాలో కులం నిర్ణయించిన కాలం చాలామందికి జ్ఞాపకమే, కొన్ని చోట్ల ఇంకా జరుగుతున్నదే. ఈ వాక్యంలో యాభై మంది మడిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరూ అడగలేదు, అందరికీ అవే రొట్టెలు. ఇది చెప్పడానికి ఎవరి కులమూ ఎత్తనవసరం లేదు. ఆ మధ్యాహ్నం మీ చర్చి ఆవరణలో ఆకులు వేసేటప్పుడు మీరు చెప్పిన మాట ప్రకారం బంతి ఉంటే చాలు. లేకపోతే చెప్పకపోవడమే మేలు.

వడ్డించినవారు ఎవరో కూడా మార్కు నుండే చెప్పండి. ఆయన విరిచి శిష్యులకు ఇచ్చాడు, శిష్యులు జనానికి వడ్డించారు. కొద్దిసేపటి క్రితం ‘వీరిని పంపివేయుము’ అన్న ఆ శిష్యులే ఇప్పుడు మళ్ల నడుమ తిరుగుతున్నారు. చాలదన్నవారి చేతుల మీదుగానే వడ్డన జరిగింది.

తప్పే చోట్లు రెండు

మొదటిది, ‘నిజానికి అందరి దగ్గరా దాచుకున్న రొట్టెలు ఉన్నాయి, పిల్లవాణ్ణి చూసి సిగ్గుపడి బయటికి తీశారు’ అన్న వ్యాఖ్యానం. చదువుకున్న యువకులకు ఇది నచ్చుతుంది, పంచుకోవడం గురించి చెబుతున్నట్లు కూడా కనిపిస్తుంది. కాని పదమూడవ వచనం దీనికి చోటు ఇవ్వదు: పన్నెండు గంపలలో నిండినవి ఆ అయిదు యవల రొట్టెల ముక్కలేనని యోహాను స్పష్టంగా రాశాడు. పద్నాలుగవ వచనంలో జనం దాన్ని సూచకక్రియ అన్నారు. పంచుకోవడం నేర్పడానికి వాక్యాన్ని వంచవలసిన పని లేదు.

రెండవది ఎక్కువ ప్రమాదకరమైనది, నేను చేసిన తప్పు కూడా ఇదే. ‘నీ అయిదు ఇస్తే ప్రభువు నీకు అయిదువేలు ఇస్తాడు’ అని చెప్పడం. చాలా ఏళ్ల క్రితం ఒక పల్లెలో నేను దాదాపు ఇదే చెప్పి, ఆ వెంటనే కానుకలు ఎత్తించి, ఎవరు ఎన్ని బస్తాలు తెచ్చారో పేరుపేరునా చదివించాను. వెనుక వరుసలో ఒక పెద్దావిడ కొంగులో శనక్కాయలు కట్టుకొని వచ్చి, ఆ పేర్లు విని, కొంగు విప్పకుండానే కూర్చుంది. ఆరాధన అయ్యాక నేను అడిగితే, ‘ఈ రోంత ఆ బస్తాల పక్కన పెట్టేదానికి సిగ్గైతాంది అయ్యా’ అన్నది. అంద్రెయ మాట ఆమె నోట విన్నాను, ఆ మాట ఆమెతో అనిపించినది నా ప్రసంగమే.

మీరు ఈ తప్పులో పడకుండా ఉండడానికి వాక్యమే సరిహద్దు గీసింది. పన్నెండు గంపలూ పిల్లవాడు ఇంటికి తీసుకుపోయాడని ఎక్కడా లేదు. తొమ్మిదవ వచనం తరువాత అతడు కథలో మళ్లీ కనిపించడు. పదిహేనవ వచనంలో రొట్టెలు తిన్నవారు ఆయనను రాజుగా చేయబోతే ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడు, మరునాడు ఇరవై ఆరవ వచనంలో, రొట్టెలు తిని తృప్తి పొందినందుకే నన్ను వెదుకుతున్నారని వారితోనే అన్నాడు. రాబడి కోసం ఇచ్చేవారికి ఈ వాక్యభాగంలో ఏ వాగ్దానమూ దొరకదు.

ప్రసంగం చెబుతుండగానే ఈ తప్పులోకి జారుతున్నారో లేదో తెలుసుకునే గుర్తు ఒకటి ఉంది. ‘మీకు’ అన్న మాట ‘వస్తుంది’, ‘దొరుకుతుంది’ అన్న మాటలతో కలిసి రావడం మొదలైతే మీరు బేరంలోకి దిగారు. ‘ఆయన చేతిలో’, ‘వారికి’ అన్న మాటలతో వాక్యాలు ముగుస్తుంటే సరైన దారిలోనే ఉన్నారు. శనివారం రాత్రి కాగితం మీద ఈ మాటలకు గీతలు గీసి చూసుకోండి.

కాలాన్ని పంచుకోవడం

కోత పండుగ నాడు ఆరాధన తరువాత కానుకల వేలం, ఆ తరువాత భోజనాలు ఉంటాయి గనుక ప్రసంగానికి 25 నిమిషాలకు మించి తీసుకోకండి. వాక్యం చదవడానికి మూడు నిమిషాలు, ఫిలిప్పు లెక్కకు అయిదు, యవల రొట్టెకూ పిల్లవాడికీ అయిదు, కృతజ్ఞతకూ మళ్లకూ తొమ్మిది, చివరి మూడు నిమిషాలు ముక్కలకు. మొదలుపెట్టే తీరు మీ ఇష్టం, నేను మాత్రం ఇలా మొదలుపెడతాను: ‘ఈ ఉదయం ఇంటి నుండి బయలుదేరేటప్పుడు, చేతిలో ఉన్నదాన్ని చూసి, ఈ రోంత యాడ సాలుతాది అనుకున్నవారు ఈ గుడిలో ఉన్నారు. మీకన్నా ముందు ఆ మాట అన్నవాడు ఒక అపొస్తలుడు.’ ఆ తరువాత నేరుగా అయిదవ వచనంలోకి వెళ్తాను. ‘పంచుకోవడం మంచిది’ అన్న పీఠిక అవసరం లేదు.

ఆఖరి పని: కానుకలు, ముక్కలు

ప్రసంగం ముగిసిన వెంటనే కానుకలు ఎత్తే తీరు, మీరు చెప్పినదాన్ని నిలబెడుతుంది లేదా కూలుస్తుంది. ఆ పెద్దావిడ తరువాత మేము చేస్తున్న పద్ధతి ఇది: బలిపీఠం ముందు రెండు పెద్ద గంపలు ఉంచుతాము, ఒకటి గింజలకు, ఒకటి కాయలకు. బస్తా తెచ్చినవారు కూడా బస్తా గుడి బయటే దించి, అందులోనుండి దోసెడు తెచ్చి గంపలో పోస్తారు. పిడికెడు తెచ్చినవారు పిడికెడు పోస్తారు. అన్నీ ఒకటిగా కలిసిన తరువాతే ప్రార్థన. వేలంలో కూడా ఆ గంపలనే మొదట పాడతారు, ఎవరి కాయ ఏదో ఎవరికీ తెలియదు. పేర్లు చదవడం మానివేశాము. పెద్ద రైతులలో ఒకరిద్దరు మొదట నొచ్చుకున్నారు. వారికి ముందుగానే ఇంటికి వెళ్లి ఎందుకో చెప్పి ఉంటే ఆ నొప్పి కలిగేది కాదు, మీరు ఆ పని శుక్రవారమే చేయండి.

పన్నెండవ వచనంలోని ‘ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడి’ అన్న ఆజ్ఞ ప్రసంగాలలో చాలా తరచుగా విడిచిపెట్టబడుతుంది. అంత సమృద్ధిగా చేయగలిగినవాడు ముక్కల మీద శ్రద్ధ చూపడం మన ఇళ్లలోని అమ్మలకు వింతగా ఉండదు. మిగిలిన సంగటిని రాత్రి నీళ్లలో వేసి పొద్దున మజ్జిగతో సద్దిగా తాగినవారు, ఎండిన జొన్నరొట్టెను రోజుల తరబడి దాచుకున్నవారు ఆ ఆజ్ఞను ఎప్పటినుండో పాటిస్తున్నారు. వారి పేరు ఎత్తకుండా ఆ పనిని మెచ్చుకోండి.

ఆ ఆదివారం భోజనాలలో కూడా ఈ వచనం పనికి రావాలి. బంతులు ముగిసి, వంట చేసినవారూ వడ్డించినవారూ తిన్న తరువాత మిగిలిన అన్నం, పప్పు, కూర చెడిపోకముందే ఎవరికి చేరాలో శనివారం సాయంత్రమే ఒక కాగితం మీద రాసిపెట్టండి. మంచం పట్టి గుడికి రాలేనివారు, బాలింతలు, పనికి పోయి పండుగకు అందుకోలేని కూలీలు, మన సంఘానికి చెందని పొరుగు ఇండ్లవారు కూడా అందులో ఉండాలి. ఏ ఇంటికి ఎవరు తీసుకువెళ్లాలో ఇద్దరిద్దరు యువకుల పేర్లు ఆ ఇండ్ల ఎదురుగా రాయండి, మూతలున్న గిన్నెలు ముందే అడిగి తెచ్చుకోండి. ఎండకాలపు పండుగైతే పెరుగు కలిపిన అన్నం, కూరలు ఎక్కువసేపు నిలవవు గనుక, ఆలస్యం లేకుండా చివరి గిన్నె చివరి గడప దాటాలి.